కోవా మీద నీలం గళ్ళు

రెండు గేదెలు పాలిచ్చినన్నాళ్ళూ ఆ ఇంట్లో రోజుకు రెండు కిలోల కోవా అయ్యేది. అందులో ఒకటి వట్టిపోయి ఇరవై రోజులైంది. అయినా కోవా రెండు కిలోలకు తులం తగ్గలేదు.

ఈ సంగతి ధనశ్రీకి తప్ప ఇంకెవరికీ పట్టలేదు. తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి, పద్మనాభం ఊళ్ళో ఇంటిపట్టున ఉన్న పిల్ల. నలుగురిలో నోరు విప్పదు గానీ కళ్ళు మాత్రం ఊరుకోవు. తండ్రి తాతబాబు పొద్దున్నే ముందునాటి కోవా డబ్బా పట్టుకుని బస్సెక్కి, దాన్ని గోపాలపట్నంలో శివరామకృష్ణ గారి మిఠాయి దుకాణంలో దింపి, అటునుంచి ఆటోనగర్‌లో వెల్డింగు పనికి పోతాడు. డబ్బా బరువేగానీ అందులో ఏముందో ఆయనకు పట్టదు. నాయనమ్మ గురువమ్మకు పొయ్యి దగ్గర పనిలేదు. ఇక మిగిలింది అమ్మ సూర్యకళ. అనుమానమంతా ఆవిడ మీదే.

ఐదు లీటర్ల గేదె పాలకు కిలో కోవా. ఇది అమ్మ నేర్పిన లెక్కే. ఇప్పుడు ఇంట్లో పిండేది ఐదు లీటర్లు. మిగతా కిలో ఎక్కణ్ణుంచి వస్తోంది?

దానికి తోడు ఇంకోటి చూసింది ధనశ్రీ. తెల్లవారుతుండగా, నాయనమ్మ ఇంకా గురక పెడుతుండగా, అమ్మ పెరటి తడిక తోసుకుని బయటికి పోతుంది. కాసేపటికి కొంగు కింద ఏదో దాచుకుని వస్తుంది. పొయ్యి వెలిగించాక దాన్ని బాణలిలో ఒంపుతుంది. ఆ పాత్రను అప్పటికప్పుడే బూడిదతో తోమి బోర్లిస్తుంది. ఓసారి మంచం మీంచి తలెత్తి "ఏటమ్మా అది?" అని అడిగితే, "ఏటీ నేదు, పడుకో" అంది.

ఏమీ లేనిదాన్ని కొంగు కింద ఎవరూ దాచరు. కల్తీ కోవా పట్టుకున్నారంటూ నాన్న ఫోనులో వచ్చిన వీడియో ఒకటి ధనశ్రీ మొన్ననే చూసింది. అందులో పాలలో పిండి కలిపిన గిన్నెలు వరసగా పెట్టి చూపించారు. ఆ గిన్నెలు ఆ పిల్లకు కలలోకి కూడా వచ్చాయి.

అలాగని అమ్మ పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏ పాలైనా ముందు గరిటెడు విడిగా కాచి, విరగవని చూసుకున్నాకే బాణలిలో పోస్తుంది. వెడల్పాటి ఇనప బాణలి, కింద సరుగుడు కర్రల మంట. పాలు పొంగినప్పట్నుంచి ఆవిడ చెయ్యి ఆగదు. చదును మూతి గరిటెతో అడుగూ అంచులూ గీకుతూనే ఉంటుంది. అంచున మీగడ కట్టి ఎండితే, అదే తర్వాత కోవాలో పలుకులై తగులుతుంది. అడుగు ఒక్కసారి పట్టిందా, వాయి మొత్తం మాడు వాసనే. పాలు చిక్కబడి జావలా అయ్యాక కర్రలు రెండు బయటికి లాగేస్తుంది. అక్కణ్ణుంచి మంట తక్కువ, చెయ్యి ఎక్కువ. బుడగలు సద్దుమణిగి, ముద్ద అంచులు వదిలి, ఒంటి మీద నెయ్యి మెరుపు తేలితే అయినట్టు. దింపి, పళ్ళెంలో పరిచి, పూర్తిగా చల్లారనిస్తుంది. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై మళ్ళీ కోవా మీదే పడుతుందని, ఆ నీరే బూజుకు పుట్టిల్లని అంటుంది. చల్లారాక ముద్ద చేసి, పైన ఎండి పెచ్చు కట్టకుండా తడిపి గట్టిగా పిండిన గుడ్డ చుట్టి డబ్బాలో పెడుతుంది.

ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసే మనిషి పిండి కలుపుతుందా? కలపదనే అనుకునేది ధనశ్రీ పగలంతా. తెల్లవారి తడిక చప్పుడు వినగానే మళ్ళీ మొదటికొచ్చేది.

ఇలా ఉండగా శుక్రవారం మధ్యాహ్నం దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. సూర్యకళ చేతిలో పేడ ఉందని ధనశ్రీయే స్పీకరు నొక్కి పట్టుకుంది.

"అమ్మా, శివరామకృష్ణనండి. మీ కోవాతో చేసిన పాలకోవా బిళ్ళలు రెండోసారి తిరిగొచ్చాయండి. పులుపు వాసనట. సీమంతానికని పట్టుకెళ్ళినవాళ్ళు నా మొహం మీద పెట్టి వెళ్ళారు."

"పులుపేటి బాబూ, పొద్దుటి పాలు పొద్దున్నే కాస్తన్నాను."

"నాకూ అదే అర్థం కావట్లేదండి. రేపు డబ్బా మీరే తీసుకురండి. కోవాలో పిండి కలిస్తేనే ఇలా పులుస్తుందంటున్నారు, మీ ఎదురుగానే పరీక్ష చేస్తాను. పిండి లేదంటే సరే. ఉందంటే మాత్రం, మీ డబ్బా ఇంక నా గడప దాటదు. ఎందుకు మానేశావని పక్క దుకాణాలవాళ్ళు అడిగితే అబద్ధం చెప్పలేను కదండీ."

సూర్యకళ "అలాగే" అంది. ఫోన్ పెట్టేశాక పేడ చేత్తోనే అలా నిలబడిపోయింది. పిండి కలపలేదని ఒక్క మాట అనలేదేమిటని ధనశ్రీ ఆవిడ మొహంలోకే చూసింది. ఆవిడ చూపు మాత్రం పెరటి తడిక మీద ఉంది.

మర్నాడు తెల్లవారి మళ్ళీ తడిక చప్పుడైంది. ఇంత జరిగాక కూడానా అనుకుని ధనశ్రీ దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

రెండు బస్సులు మారి తల్లీ కూతుళ్ళు గోపాలపట్నంలో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. డబ్బా ధనశ్రీ ఒళ్ళోనే ఉంది దారంతా. పాపం మోస్తున్నట్టు మోసింది.

దుకాణం వెనక వంటగదిలో బల్ల దగ్గర శివరామకృష్ణ గారు కూర్చుని ఉన్నారు. గోదావరి జిల్లా నుంచి వాళ్ళ నాన్నగారు పోర్టు ఉద్యోగానికి వస్తే ఇక్కడే పెరిగి, ఇక్కడే మిఠాయిలు పెట్టుకున్న మనిషి. అరవరు. అరవకపోవడమే భయం. పక్కన వంటమాస్టరు ఎల్లారావు. గురువమ్మకు వరసకు మేనల్లుడు. ఇతనికి తెలిసిన ముచ్చట ఏదైనా సాయంత్రం లోపల ఫోనులో మేనత్త చెవిన పడవలసిందే.

"రా అప్పా, కూకో," అని సూర్యకళను అక్క వరసతో పిలిచాడు ఎల్లారావు. "ఎండలో గుంటని కూడా తెచ్చావేటి, సాచ్చికా?" అని ధనశ్రీ వైపు చూశాడు.

సూర్యకళ నవ్వలేదు. డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసింది. ఎల్లారావు గుడ్డ విప్పి పక్కన పడేసి, ముద్ద పైనుంచి చెంచాడు కోవా గీకి గాజు గ్లాసులో వేశాడు. కోవా ముద్దను వాడే ముందు దాకా కొయ్యకూడదన్నది వాళ్ళ వంటగది పద్ధతి. కోస్తే లోపలికి గాలి తగిలి ఆరిపోతుందని ఏం కావాలన్నా పైపైనే గీకుతారు. వేడినీళ్ళు పోసి, గిన్నెలో మరిగించి, మళ్ళీ గ్లాసులోకి ఒంపి పంపు కింద పెట్టాడు.

"వేడి మీద సుక్కలు ఎయ్యకూడదు. సల్లారాలి," అన్నాడు. "వేడిలో రంగు నిలవదు. నాను ఇలాంటివి నూరు సేసుంటాను."

"నూరు కాదులే, నిన్ననే నేర్చుకున్నావు," అన్నారు శివరామకృష్ణ గారు.

చల్లారింది. మందుల షాపులో తెచ్చిన టించర్ అయోడిన్ సీసా తీసి రెండు చుక్కలు వేశాడు. గోధుమరంగు చుక్క నీళ్ళలోకి దిగి, దిగుతూ దిగుతూ నీలమైంది. బయట దుకాణంలో ఎవరో అరకిలో బూందీ అడగడం స్పష్టంగా వినిపించింది.

"పిండి," అన్నారు శివరామకృష్ణ గారు.

"నాను కలపనేదు బాబూ."

"మరి ఇదేంటమ్మా?"

"తెల్దు. కలపనేదు."

"పోనీ ఒకటి చెప్పండి. గేదె ఒకటి వట్టిపోయిందని నెల మొదట్లో మీరే అన్నారు. డబ్బా తగ్గుతుందేమోనన్నారు. తగ్గలేదే. సగం పాలతో నిండు కోవా ఎలా వస్తోంది?"

సరిగ్గా ధనశ్రీ గుండెలో ఉన్న ప్రశ్న అది. తన నోటినుంచే వచ్చినట్టు ఉలిక్కిపడింది. అమ్మ జవాబు చెబుతుందని చూసింది. సూర్యకళ ఎల్లారావు వైపు ఓ చూపు చూసి తల దించుకుంది.

"సెప్పప్పా," అన్నాడు ఎల్లారావు. "గేదె గానీ రెండు పొదుగులతో ఈనిందేటి?"

ఆవిడ తల ఎత్తలేదు. ధనశ్రీ మళ్ళీ గ్లాసు వైపు చూసింది. ఇన్నాళ్ళూ అనుమానమే అనుకుంది. ఇప్పుడది గ్లాసులో నీలంగా నిలబడి ఉంది.

శివరామకృష్ణ గారు నిట్టూర్చి, "మూత పెట్టెయ్యి ఎల్లారావూ," అన్నారు.

ఎల్లారావు ఒక చేత్తో సీసా పట్టుకునే ఇంకో చేత్తో డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. సీసా మూతి నుంచి చుక్కొకటి జారి కోవా ముద్ద మీద పడింది. అయ్యో అనుకుంటూ తుడవబోయాడు.

"తుడవకండి."

ఆ మాట అన్నది తనేనని తెలియడానికి ధనశ్రీకి కాస్త సమయం పట్టింది. ముగ్గురూ తనవైపే చూస్తున్నారు. మామూలుగా అయితే అమ్మ కొంగు వెనక్కి పోయేది. ఇప్పుడు కోవా మీంచి కళ్ళు తిప్పుకోలేకపోయింది.

చుక్క పడ్డచోట నీలం మచ్చ కట్టలేదు. గీతలు కట్టింది. నిలువు గీతలు, అడ్డగీతలు, సన్నటి గళ్ళు. గళ్ళకూ గళ్ళకూ మధ్య కోవా గోధుమరంగుగానే ఉంది. పిండి పాలలో కలిసి ఉడికితే గళ్ళుగా ఎందుకుంటుంది?

ఆ గళ్ళు తనకు తెలుసు. మూడు వారాలుగా ఆదివారం ఆదివారం తన చేతుల్లో నానినవే.

"ఏటమ్మీ?" అన్నాడు ఎల్లారావు.

"గుడ్డ," అంది ధనశ్రీ. వేలితో చూపించింది. "ఆ గుడ్డ మీద ఎయ్యండి."

శివరామకృష్ణ గారు సీసా తీసుకుని, బల్ల మీద పడున్న గుడ్డ మీద తనే ఒక చుక్క వేశారు. గుడ్డ నీలం కాలేదు, ఏకంగా నల్లబడింది.

"గంజి," అంది ధనశ్రీ. "నానే పెట్టాను."

అప్పుడు ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పింది. నెల కిందట శివరామకృష్ణ గారే నాన్నతో, గుడ్డ మాసినట్టుంది తాతబాబూ, తెల్లటిది పంపమను అన్నారు. ఆ మాట ఇంట్లో చెబితే నాయనమ్మకు పౌరుషం వచ్చింది. మా ఇంటి గుడ్డ మాసిందని గోపాలపట్నంలో అనిపించుకోవాలా అని, తాత పంచె చింపి ఏడెనిమిది గుడ్డలు చేసింది. ఉతికి, అన్నం వార్చిన గంజిలో ముంచి, పెళపెళలాడేలా ఎండబెట్టమని మనవరాలికి పురమాయించింది. పంచెకు పెట్టినంత చిక్కగా పెట్టమంది. పెట్టింది. అమ్మ ఆ గుడ్డలనే తడిపి కోవాకు చుడుతోంది.

"గుడ్డ గట్టిగుందని తెలిసింది," అంది సూర్యకళ నెమ్మదిగా. "గంజేగదా, తాగేదేగదా అనుకున్నాను."

శివరామకృష్ణ గారు గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఎల్లారావుకు అందించారు. ఎల్లారావు వాసన చూసి మొహం పక్కకు తిప్పాడు.

"పులిసిన తరవాణి కుండలా ఉంది," అన్నాడు.

"తడిసిన గంజి, ఈ ఎండలు, మూతేసిన డబ్బా. పులవక ఏం చేస్తుంది?" అన్నారు శివరామకృష్ణ గారు. "నువ్వు దీన్ని ఈ గుడ్డతోనే ఫ్రిజ్‌లో పెడుతున్నావా?"

ఎల్లారావు బుర్ర గోక్కున్నాడు. "ఇప్పితే ఎండిపోతాదని ఇప్పలేదు."

"ఎన్నాళ్ళు?"

"రెండ్రోజులు. ఒకోసారి మూడు."

"బావుంది. ఆవిడ ఊళ్ళో పులియబెడితే నువ్వు ఇక్కడ ముగ్గబెడుతున్నావు."

అయినా ఆయన కత్తి తెప్పించారు. వంటగది పద్ధతి పక్కనబెట్టి ముద్దను నిలువునా రెండు చెక్కలు కోయించారు. నడిమధ్య నుంచి ముక్క తీసి మళ్ళీ మరిగించి, పంపు కింద చల్లార్చారు. ఈసారి చుక్కలు తనే వేశారు. ధనశ్రీ గ్లాసు దగ్గరికి జరిగింది. గుడ్డ సంగతి గుడ్డది. తెల్లవారి కొంగు కింద వచ్చేది ఇంకా తేలలేదు.

చుక్క దిగింది. నీళ్ళు లేత గోధుమరంగుకు తిరిగాయి. అలాగే ఉండిపోయాయి. మళ్ళీ రెండు చుక్కలు వేశారు. అయినా అంతే.

ఎల్లారావు కోసిన చెక్క నుంచి కాస్త తీసి బొటనవేలూ చూపుడువేలూ మధ్య నలిపాడు. బంకలా అంటుకోలేదు. నెయ్యి తేలి వేళ్ళు మెరిశాయి. వాసన చూసి నోట్లో వేసుకున్నాడు.

"మంచి కోవా," అన్నాడు, అదేదో తను ముందే చెప్పినట్టు.

శివరామకృష్ణ గారు మాత్రం ఇంకా తేల్చలేదు. "పిండి లేదు. ఒప్పుకున్నాను. కానీ ఆ కిలో ఎక్కడిదో చెప్పకపోతే రేపు నాకు నిద్ర పట్టదమ్మా. ఏ డబ్బాపాలో, ఏ పొడిపాలో కాదని ఎలా నమ్మను?"

సూర్యకళ మళ్ళీ ఎల్లారావు వైపు చూసింది. ఈసారి తల దించుకోలేదు.

"మా పక్క యీది జగ్గయ్యింటి పాలు బాబూ. రోజూ ఐదు లీటర్లు. పిండిన యెంటనే తెచ్చి, కాచి సూసి పోస్తన్నాను."

"దానికి ఇంత దాపరికం ఎందుకమ్మా?"

ఆవిడకు బదులు ఎల్లారావు పకపకా నవ్వాడు. "అదా సంగతి. మా అత్తకీ జగ్గయ్యకీ నాలుగేళ్ళుగా మాటల్లేవండి. ఆడి గేదె అత్త కాకరపాదు మేసేసింది. ఆ గేదె పాలు ఇంట్లోకి వస్తన్నాయని తెలిస్తే బాణలి యీదిలో ఉంటాది."

"ఆ గేదే," అంది సూర్యకళ. "పాలిచ్చేది ఆ గేదే."

శివరామకృష్ణ గారి మొహంలో మొదటిసారి నవ్వు కనబడింది. అయినా షరతులు పెట్టడం మరిచిపోలేదు. గంజి మొహం చూడని గుడ్డలు కావాలి, ఒట్టి నీళ్ళలో మరగబెట్టి ఎండలో ఆరేసినవి. డబ్బా రాగానే గుడ్డ విప్పి, నూనె కాగితం చుట్టి ఫ్రిజ్‌లో పెట్టడం ఎల్లారావు వంతు. వారం పాటు ముద్ద నడిమికి కోసి చుక్క వేసి చూస్తారు. "ఏమీ అనుకోకండమ్మా," అన్నారు. "అనుమానం ఒకసారి పట్టిందంటే కడిగితే పోదు."

"కోసే తెత్తాను," అంది సూర్యకళ. "మీరు కొయ్యక్కర్లేదు."

డబ్బా అక్కడే ఉండిపోయింది. బస్సు కోసం నిలబడ్డప్పుడు ఖాళీ చేతులు ఏం చేసుకోవాలో ధనశ్రీకి తెలియలేదు. అమ్మ బత్తాయి రసం ఒకటి కొని, సగం తాగి గ్లాసు అందించింది.

"నువ్వూ అనుకున్నావు గదేటి?"

ధనశ్రీ గ్లాసులోకి చూసింది. లేదని అనవచ్చు. అమ్మ నమ్మేది కూడా. కానీ అబద్ధం ఆ పూటకి ఇంక పట్టేలా లేదు.

"తడిక సప్పుడైనప్పుడల్లా," అంది.

"అడగొచ్చుగదా."

"అడిగాను. ఏటీ నేదన్నావు."

"అన్నాను," అని ఒప్పుకుంది సూర్యకళ. బస్సులో కూతురు కునికిపాట్లు పడుతుంటే తల తన భుజం మీదికి లాక్కుంది.

వాళ్ళు ఇల్లు చేరేసరికి ఎల్లారావు ఫోను వాళ్ళకన్నా ముందే చేరిపోయింది. గురువమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. తిట్టలేదు. ఒళ్ళో మిగిలిన మూడు కోవా గుడ్డలున్నాయి. వాటిని తిప్పి తిప్పి చూసింది. మనవరాలిని పిలిచి, "ఇవి నాకు తువ్వాళ్ళకి పనికొస్తాయి," అని తన పెట్టెలో పెట్టేసుకుంది. ఆ రాత్రి అన్నం దగ్గర కూడా కోడలి మొహం చూడలేదు. తాతబాబు ఒకటి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు గానీ, ఇద్దరి మధ్యకు వెళ్ళేంత ధైర్యం చెయ్యలేదు.

తెల్లవారింది. సూర్యకళ మంచం దగ్గరికొచ్చి కూతుర్ని తట్టి లేపింది. చేతిలో పాలక్యాను ఉంది. కొంగు కింద కాదు, చేతిలో.

"రా. నువ్వూ సూద్దువుగాని, ఎలా పిండుతారో."

పెరటి తడిక వైపు పోబోయిన ధనశ్రీని చెయ్యి పట్టి ఆపి, వీధి గుమ్మం వైపు నడిపించింది. జగ్గయ్య ఇంట్లో గేదె పొదుగు కడిగి, కళ్ళ ముందే పిండారు. నురగ తగ్గాక క్యానులో పోశారు. తిరిగి వస్తూ ధనశ్రీయే మోసింది. నిన్నటి డబ్బాకన్నా ఇదే బరువు, కానీ చెయ్యి నొప్పి తెలియలేదు.

అరుగు మీద గురువమ్మ లేచి కూర్చుని ఉంది. క్యాను చూసింది. ఎక్కణ్ణుంచి వస్తున్నారో చూసింది. ఇద్దరూ ఆగిపోయారు. ముసలామె నోరు తెరిచి, మూసి, కాకరపాదు ఉండాల్సిన వైపు ఓసారి చూసి, మళ్ళీ నోరు తెరిచింది.

"మూత ఎట్టండి," అంది. "యీది దుమ్ము పడతాది."